ఫొటో చూసి టైలర్‌ను ఎంచుకోవాలంటే చొక్కాను తిరగేయమనండి

రెండు చొక్కాలకు సరిపడా సన్నని నూలు బట్ట నా దగ్గర ఉంది. దాన్ని కొత్త టైలర్‌కు ఇవ్వాల్సి వచ్చింది. ముగ్గురి పేర్లు అనుకుని, ఇదివరకు కుట్టిన చొక్కాల కుట్టు దగ్గరగా కనిపించేలా ఫొటోలు పంపమని అడిగాను. వచ్చినవన్నీ దాదాపు ఒకటే: ఇస్త్రీ చేసిన కాలర్ కొస, గుండీల పట్టీ, కఫ్. అన్నీ బాగున్నాయి. వాటిని చూసి ఎవరి పని మెరుగో చెప్పడం నాకు సాధ్యం కాలేదు. చొక్కాలో టైలర్ అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టే చోట్లు అవే. పైగా అక్కడ లోపల బక్రం ఉంటుంది కాబట్టి బట్ట బిగువుగా నిలబడుతుంది, కుట్టు కింద జారదు, తిన్నగా కుట్టడం తేలిక. అంత తేలికైన చోట బాగా కుట్టారన్నంత మాత్రాన మిగతా చొక్కా ఎలా ఉంటుందో తెలియదు.

అందుకని ముగ్గురినీ మరో ఫొటో అడిగాను. చొక్కాను లోపలి వైపు తిప్పి, పక్క అతుకు కిందికి దిగి వచ్చి అడుగు మడతను కలిసే మూలను తీయమన్నాను. కుట్టు నాణ్యత గురించి ఒకే ఒక్క ఫొటో అడిగే అవకాశం ఉంటే నేను అడిగేది ఇదే. అక్కడ బక్రం సాయం లేదు. పక్క అతుకు ఎంత తిన్నగా దిగిందో అక్కడ కనిపిస్తుంది, దాని అంచు పోగులు ఊడకుండా ఏం చేశారో కనిపిస్తుంది, అడుగు మడత ఒకే వెడల్పులో నడిచిందో లేదో కనిపిస్తుంది. పైగా అతుకు మీదుగా మడత వెళ్లేటప్పుడు చాలా పొరలు ఒక్కచోట చేరతాయి. అలాంటి గుట్ట మీద మెషిన్ పాదం వాలుతుంది, కింద బట్టను నెట్టే పళ్లకు పట్టు తప్పుతుంది. చేతికి నేర్పు లేకపోతే అది బయటపడేది సరిగ్గా అక్కడే.

అయితే ముగ్గురి ఫొటోలను పోల్చేముందు అవి పోల్చదగినవేనా అని చూసుకోవాలి. నేను మొదట చేసిన పొరపాటు అదే. తెల్ల బట్ట మీద తెల్ల దారంతో కుట్టిన ఫొటోను, లేత బట్ట మీద ముదురు నీలం దారంతో కుట్టిన ఫొటోతో పోల్చి, మొదటిది చాలా నీటుగా ఉందనుకున్నాను. బట్ట రంగులో కలిసిపోయే దారం వంకరను దాచేస్తుంది. వేరే రంగు దారం అర మిల్లీమీటరు తేడాను కూడా చాటి చెబుతుంది. దారం రంగు ఒకేలా లేనప్పుడు కంటిచూపును మాత్రమే నమ్ముకుని తిన్నదనం విషయంలో తీర్పు చెప్పకపోవడమే న్యాయం. ముదురు రంగు సాదా బట్టదీ ఇదే సంగతి, ఫొటోలో అక్కడ కుట్టు కనిపించనే కనిపించదు.

రెండవది ఫోను చేసే మోసం. వస్తువుకు మరీ దగ్గరగా పెట్టి తీస్తే ఫోను లెన్స్ ఫొటో అంచుల దగ్గర తిన్నని గీతలను కూడా కాస్త వంచి చూపిస్తుంది. ఫోను ఒక పక్కకు వాలి ఉంటే, ఒకే వెడల్పున్న మడత ఒకవైపు లావుగా, మరోవైపు సన్నగా కనిపిస్తుంది. కాబట్టి బట్టను బల్ల మీద పరిచి, మూరెడు దూరం నుంచి ఫోనును నేరుగా పైన పట్టుకుని కాస్త జూమ్ చేసి తీయమని, కుట్టు పక్కనే స్కేలు పెట్టమని చెప్పాలి. స్కేలు అంచు కూడా వంగి కనిపిస్తే తప్పు లెన్స్‌ది, కుట్టుది కాదు. బట్ట చారలదో గడులదో అయితే స్కేలు కూడా అక్కర్లేదు, చారే కొలబద్ద.

వెలుగు పక్క నుంచి పడాలి. కిటికీ పక్కన బల్ల మీద పరిస్తే చాలు. ఎదురుగా ఫ్లాష్ వేసి తీస్తే కుట్టు చుట్టూ ఉండే చిన్న ముడతల నీడలన్నీ పోయి బట్ట అద్దంలా కనిపిస్తుంది. ఇస్త్రీ కూడా ఇదే పని చేస్తుంది. వీలైతే ఒకసారి ఉతికి, ఇస్త్రీ చేయని చొక్కా ఫొటో అడగండి. ఇదివరకు కుట్టించుకున్నవారి దగ్గర నుంచి అలాంటిది తెప్పించడానికి టైలర్‌కు కొంచెం ఇబ్బంది, నిజమే. కానీ చాలామంది టైలర్లు తమకు తాము కుట్టుకున్న చొక్కానే వేసుకుని ఉంటారు. అది ఎన్నోసార్లు ఉతికినదే అయి ఉంటుంది.

ఇక తిన్నదనం. కంటితో చూసి చెప్పడం కంటే, ఫోనులో ఫొటో మీద గీత గీసే సదుపాయం వాడుకోవడం మేలు. కుట్టుగీత మీద స్కేలు ప్రకారం 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న రెండు బిందువులు ఎంచుకుని వాటిని కలుపుతూ తిన్నని గీత గీయండి. కుట్టు ఆ గీతను వదిలి ఎంత దూరం పోయిందో చూడండి. అర మిల్లీమీటరు లోపు అయితే మంచి చెయ్యి. ఒక మిల్లీమీటరు దాకా అయితే తొడుక్కున్నప్పుడు ఎవరూ గమనించరు. 2 మిల్లీమీటర్లు అయితే పై కుట్టులో ఎదుటివారికీ కనిపిస్తుంది. ఈ హద్దులు నేను పెట్టుకున్నవి. మీ బట్ట చారలదైతే ఇంకా గట్టిగా పెట్టుకోండి, ఎందుకంటే చార పక్కన నడిచే కుట్టు చిన్న తప్పునూ దాచుకోలేదు.

ఎంత వంకర అన్నదానికంటే ఎలాంటి వంకర అన్నది ఎక్కువ చెబుతుంది. కుట్టు మెల్లగా అటు కాస్త, ఇటు కాస్త ఊగుతూ వెళ్లిందంటే, మనిషి సూదిని చూస్తూ కుట్టాడని అర్థం. అలవాటైన చెయ్యి సూదిని చూడదు, పాదం అంచునూ బట్ట అంచునూ చూస్తుంది. ఈ ఊగుడు అనుభవంతో పోతుంది. కుట్టు తిన్నగా వచ్చి ఉన్నట్టుండి ఒక మెట్టు దిగినట్టు పక్కకు జరిగి మళ్లీ తిన్నగా వెళ్లిందంటే, అక్కడ మెషిన్ ఆపి చేతులు మార్చుకున్నప్పుడు బట్ట కదిలిందన్నమాట. పక్క అతుకు లాంటి పొడవైన చోట ఒకటి రెండు మెట్లు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. జానెడుకొకటి ఉంటే తొందరలో కుట్టారని లెక్క. మూడవ రకం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది: అతుకు మీదుగా మడత వెళ్లే ఆ గుట్ట దగ్గర కుట్లు ఉన్నట్టుండి పొట్టివైపోయి ఒకదాని మీద ఒకటి ఎక్కడం. అక్కడ బట్ట ముందుకు కదలక సూది ఒకేచోట పదే పదే దిగిందన్నమాట. సన్నని బట్టలో అన్ని రంధ్రాలు ఒక్కచోట పడితే చిరుగు అక్కడి నుంచే మొదలవుతుంది.

కుట్టు పొడవును కూడా ఇక్కడే లెక్కపెట్టేయవచ్చు. స్కేలు పక్కన ఒక అంగుళంలో ఎన్ని కుట్లు ఉన్నాయో చూడండి. ఒక్కో కుట్టు 2.5 మిల్లీమీటర్లు ఉంటే అంగుళానికి 10 వస్తాయి, 2 మిల్లీమీటర్లు ఉంటే 12 నుంచి 13. మామూలు చొక్కా బట్టకు ఈ రెండింటి మధ్య ఏదైనా సరే. అంగుళానికి 6 లేదా 7 మాత్రమే ఉంటే త్వరగా ముగించాలని కుట్టు పొడవు పెంచారని అనుకోవచ్చు. అలాంటి అతుకును రెండు చేతులతో పక్కకు లాగితే కుట్ల మధ్య సందులు తెరుచుకుంటాయి.

లోపలి వైపు ఫొటో అడగడానికి నాకున్న మరో కారణం దారం బిగువు. మామూలు కుట్టు మెషిన్‌లో పై దారం, కింది నుంచి వచ్చే బాబిన్ దారం ఒకదాన్నొకటి పెనవేసుకునే ముడి బట్ట మందం మధ్యలో దాగి ఉండాలి. అలా ఉంటే పైనా కిందా కుట్టు ఒకేలా కనిపిస్తుంది. లోపలి వైపు బాబిన్ దారం తీగలా తిన్నగా పరుచుకుని, దాని మీద పై దారం చిన్న చిన్న ఉంగరాల్లా కనిపిస్తే పై దారం వదులుగా ఉందని గుర్తు. పై నుంచి చూస్తే అది చక్కటి కుట్టే. కానీ లోపల ఆ తీగ కొస పట్టుకుని లాగితే వరస వరసంతా వచ్చేస్తుంది. పై వైపు ఫొటోలో ఎంత వెతికినా ఈ లోపం దొరకదు.

బిగువు ఎక్కువైతే కుట్టు పొడవునా బట్ట ముడతలు పడుతుంది. ఆ ముడతలను చూసేటప్పుడు తొందరపడకూడదు, ఎందుకంటే వాటికి కారణాలు వేరు వేరు. రెండు పొరలూ సమానంగా ముడతపడితే చాలావరకు దారం బిగువే కారణం. ఒక పొర చదునుగా ఉండి రెండోది మాత్రమే అలలు పోతే, కింది పొర ఎక్కువగా, పై పొర తక్కువగా కదిలాయని అర్థం. అది చేతి పట్టుకు సంబంధించిన లోపం. మూడో కారణం బట్టదే. పాప్లిన్ లాంటి చిక్కని నేతలో పోగుల మధ్య ఖాళీ ఉండదు కాబట్టి దారం దూరినప్పుడు పోగులు పక్కకు జరిగి కుట్టు పక్కన నలుగుతాయి. సన్నని సూది, సన్నని దారం, కాస్త పొడవైన కుట్టు వాడి దాన్ని తగ్గించగలరు గానీ పూర్తిగా పోగొట్టడం కష్టం. చిక్కని బట్టలో కొద్దిపాటి ముడత చూసి టైలర్‌ను తోసిపుచ్చకండి. పల్చని మెత్తని బట్టలో అదే ముడత కనిపిస్తే మాత్రం తోసిపుచ్చండి.

తిన్నదనం, ఫినిషింగ్, అడుగు మడత, ఈ మూడింటిలోనూ నా దృష్టిలో ముఖ్యమైనది ఫినిషింగే, అంటే లోపల కోసిన అంచుల సంగతి. కుట్టు కాస్త వంకరైతే చొక్కా చిరగదు. కోసిన అంచు పోగులు ఊడుతూ కుట్టు దాకా వస్తే చొక్కా చిరుగుతుంది. ప్రతి ఉతుకులోనూ రెండు మూడు పోగులు ఊడతాయనుకోండి, కుట్టుకూ కోసిన అంచుకూ మధ్య వదిలిన 4 మిల్లీమీటర్ల మార్జిన్ ఎన్నాళ్లు నిలుస్తుందో ఊహించవచ్చు. అందుకే ఫొటోలో నేను మొదట చూసేది అంచుకు ఏం చేశారన్నదే.

ఏమీ చేయకుండా వదిలేసిన అంచు నేత బట్టలో పనికిరాదు. రంపపు పళ్ల కత్తెరతో కోసిన అంచు ఫొటోలో అందంగా కనిపిస్తుంది, పోగులు ఊడటాన్ని కాస్త ఆలస్యమూ చేస్తుంది, కానీ ఆపదు. తరచూ ఉతికే చొక్కాకు అది చాలదు. ఆ తరువాతది ఓవర్‌లాక్. కోసిన అంచు చుట్టూ దారపు ఉచ్చులు వేసే ప్రత్యేక మెషిన్ కుట్టు ఇది. ఎక్కువగా కనిపించేదీ, చూసేవారు ఎక్కువగా పొరపాటు పడేదీ ఇదే. ఓవర్‌లాక్ ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు, అది ఎలా కూర్చుందన్నది ప్రశ్న. దారపు ఉచ్చులు సరిగ్గా బట్ట అంచు మీద కలుసుకోవాలి. అంచు దాటి గాలిలో జాలరులా వేలాడుతుంటే అవి వదులుగా ఉన్నాయి, దేనికైనా తగులుకుని తెగుతాయి. బట్ట అంచే లోపలికి చుట్టుకుపోయి తాడులా గుండ్రమైతే మరీ బిగుసుకుపోయాయి. ఉచ్చుల మధ్య నుంచి పొట్టి పోగులు మీసాల్లా పొడుచుకొస్తుంటే మెషిన్ బ్లేడు మొద్దుబారింది.

ఓవర్‌లాక్ పక్కన విడిగా ఒక తిన్నని కుట్టు వరస ఉందో లేదో చూడటం చాలామంది మరిచిపోతారు. కొందరు పని తగ్గుతుందని రెండు పలకలనూ నేరుగా మూడు దారాల ఓవర్‌లాక్‌తోనే అతికేస్తారు. నేత బట్టలో, అందులోనూ వీపు, చంకల దగ్గర, అలాంటి అతుకు చెయ్యి చాచినప్పుడల్లా తెరుచుకుని లోపలి దారాలు పళ్లలా బయటికి కనిపిస్తాయి. లోపలి ఫొటోలో ఓవర్‌లాక్‌కు సమాంతరంగా తిన్నని వరస మరొకటి కనిపించాలి. అతుకు అడుగున ముగిసే చోట ఓవర్‌లాక్ గొలుసు కొస ఏమైందో కూడా గమనించండి. మడత లోపలికి వెళ్లి కుట్టులో ఇరుక్కుంటే సరే. మడత పైనే కత్తిరించి వదిలేస్తే ఆ కొస నుంచి విప్పుకుంటూ పోతుంది.

అన్నిటిలోకీ గట్టిది మడత అతుకు. ఒక పలక అంచు రెండో పలక అంచును చుట్టుకుని, కోసిన పోగులన్నీ లోపల దాగి, రెండు సమాంతర వరసల కుట్టు పడుతుంది. లోపలి వైపు కూడా పై వైపులాగే శుభ్రంగా ఉంటుంది. దీన్ని చూడగానే మనసు పోతుంది, నాకూ పోయింది. కానీ దీనితో ఒక ఇబ్బంది ఉంది: తరువాత చొక్కాను వదులు చేయించుకోవడానికి లోపల మార్జిన్ మిగలదు. ఇంకా ఎదుగుతున్న పిల్లల బట్టలకూ, ఒళ్లు పెరుగుతూ తరుగుతూ ఉండేవారికీ ఒకటిన్నర సెంటీమీటర్ల మార్జిన్ వదిలి, దాన్ని రెండు వైపులా విడదీసి పరిచి, రెండు అంచులకూ విడివిడిగా ఓవర్‌లాక్ వేసిన అతుకే మేలు. గట్టిదనం కావాలా, సర్దుబాటు కావాలా అన్నది ముందు మీరే తేల్చుకోవాలి.

అడుగు మడత విషయంలో వెడల్పు ఒకేలా ఉందా అని చూడటం తేలికే. స్కేలు పక్కన నాలుగైదు చోట్ల చూస్తే తెలుస్తుంది, ఒక మిల్లీమీటరు తేడా వరకు సరే. కష్టమైనది వంపు. చాలా చొక్కాలకు అడుగు తిన్నగా ఉండదు, పక్కల దగ్గర పైకి లేచి ముందూ వెనకా కిందికి గుండ్రంగా దిగుతుంది. ఆ గుండ్రటి చోట బట్ట అంచును లోపలికి మడిస్తే, బయటి పొడవైన అంచు లోపలి పొట్టి దారిలో ఇమడాలి. ఇందులో ఉన్న లెక్క తెలిస్తే మీకు ఫొటో చదవడం వచ్చేస్తుంది. వంపు పావు వృత్తం అనుకోండి, మడత గీత వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు. మడత వెడల్పు 1 సెంటీమీటరు అయితే, కోసిన అంచు మొదట 21 సెంటీమీటర్ల వ్యాసార్ధం మీద, దాదాపు 33 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మడిచాక అది 19 సెంటీమీటర్ల వ్యాసార్ధం మీద, దాదాపు 30 సెంటీమీటర్లలో సర్దుకోవాలి. అంటే 3 సెంటీమీటర్ల బట్ట ఎక్కువైంది. మడత అర సెంటీమీటరే అయితే ఎక్కువయ్యేది దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు, సరిగ్గా సగం.

ఆ ఎక్కువైన బట్ట ఎక్కడికో ఒకచోటికి పోవాలి. నేర్పున్నవారు మడత సన్నగా వేసి, వంపంతా కొంచెం కొంచెంగా సర్దేస్తారు. లేకపోతే అది చిన్న కుచ్చులై కుట్టు కింద ఇరుక్కుంటుంది, లేదా మడత మొత్తం మెలితిరిగి తాడు పేనినట్టు ఏటవాలు గీతలు పడుతుంది. ఫొటోలో ఆ ఏటవాలు గీతలు కనిపిస్తే అది ఇస్త్రీతో పోయేది కాదు, మడిచిన పొర పై పొరకంటే వేరుగా కదిలి కుట్టులో బిగుసుకుపోయింది. ఉతికిన కొద్దీ ఇంకా తేటపడుతుంది. కాబట్టి అడుగు మడతను పోల్చేటప్పుడు తిన్నటి భాగం ఫొటో చూసి సంతోషపడకండి, గుండ్రటి భాగం అడగండి. ఒక టైలర్ వంపుకు 6 మిల్లీమీటర్ల మడత వేసి, మరొకరు 15 మిల్లీమీటర్లు వేస్తే, రెండోవారు ఎంత నేర్పరులైనా ఆ చొక్కాలో కుచ్చు తప్పించడం చాలా కష్టం.

ఇప్పుడు ఆ ముగ్గురి మూల ఫొటోల దగ్గరికి వస్తాను.

మొదటివారి కుట్టు నేను చూసిన వాటిలో అతి తిన్ననిది. 10 సెంటీమీటర్ల గీత గీస్తే ఎక్కడా తేడా పట్టుకోలేకపోయాను, తెల్లమీద తెల్ల దారమన్న సంగతి లెక్కలోకి తీసుకున్నా కూడా. అంగుళానికి 12 కుట్లు, బిగువు రెండు వైపులా సమానం. అడుగు మడత 7 మిల్లీమీటర్లు, వంపులో రెండే రెండు చిన్న నొక్కులు. కానీ పక్క అతుకు అంచు రంపపు కత్తెరతో కోసి వదిలేశారు. మార్జిన్ ఒకచోట 6 మిల్లీమీటర్లు, మడతకు కాస్త పైన 3 మిల్లీమీటర్లకు తగ్గింది. ఆ 3 మిల్లీమీటర్ల చోటే చొక్కా ముందుగా నోరు తెరుస్తుంది.

రెండవవారిది నేను మొదట తక్కువగా అంచనా వేసిన ముదురు నీలం దారం. పై కుట్టు మెల్లగా ఊగుతూ ఒకచోట దాదాపు ఒక మిల్లీమీటరు పక్కకు పోయింది. అంగుళానికి 11 కుట్లు. లోపల మాత్రం మడత అతుకు, ఎక్కడా కోసిన పోగు కనిపించదు. రెండు వరసల మధ్య దూరం మూల దాకా ఒకేలా ఉంది. అడుగు మడత 6 మిల్లీమీటర్లు, వంపులో కుచ్చు లేదు. గుట్ట దాటే చోట కుట్లు కొద్దిగా పొట్టివయ్యాయి గానీ ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు. ముందు పలక మడత, వెనక పలక మడత కలిసేచోట తేడా 1 మిల్లీమీటరు.

మూడవవారి ఫొటో మిగతా రెండింటికంటే మెరిసిపోతోంది, వెలుగు ఎదురుగా పడింది. మళ్లీ పక్క వెలుగులో తీయమని అడిగితే ఏమీ అనుకోకుండా పంపారు, అందుకు ఆయనను మెచ్చుకోవాలి. అందులో ఓవర్‌లాక్ ఉచ్చులు అంచు దాటి వేలాడుతున్నాయి, పక్కన తిన్నని కుట్టు వరస లేదు. అడుగు మడత 15 మిల్లీమీటర్లు. వంపు పొడవునా ఏటవాలు గీతలు.

నేను రెండవవారిని ఎంచుకున్నాను. మొదటివారి చెయ్యి రెండవవారికంటే మంచిది, అందులో నాకు అనుమానం లేదు. వారానికోసారి ఉతికే చొక్కాకు మాత్రం తిన్నదనంకంటే దాగిన అంచు ముఖ్యమని అనుకున్నాను. ఆ ఒక మిల్లీమీటరు ఊగుడు కూడా నా బట్ట రంగు దారంతో కుడితే కనబడదు. నా పని కోటు అయితే మొదటివారికే ఇచ్చేవాడిని. కోటుకు లోపలంతా లైనింగ్ ఉంటుంది, కోసిన అంచులకు రాపిడి ఉండదు, ఉతుకులూ తక్కువ. అక్కడ తిన్నని చేతికే విలువ. మొదటివారికి అదే మాట చెప్పి, ఓవర్‌లాక్ వేయించి మార్జిన్ ఒక సెంటీమీటరు ఉంచగలరా అని అడిగి ఉండవచ్చు కూడా. చెయ్యి బాగున్న టైలర్ దగ్గర ఫినిషింగ్ ఒక్కటే లోపమైతే అలా అడగడం తెలివైన పని, ఎందుకంటే ఫినిషింగ్ చెబితే మారుతుంది. వంపులో కుచ్చు చెబితే మారదు.

మూడవవారి పని టీషర్టు లాంటి సాగే అల్లిక బట్టదై ఉంటే నా తీర్పు మారేది. సాగే బట్టకు ఓవర్‌లాక్ అతుకే సరైనది. అక్కడ మామూలు తిన్నని కుట్టు వేస్తే బట్ట సాగినప్పుడు దారం సాగక తెగుతుంది. అప్పుడు కూడా ఉచ్చులు వేలాడటం లోపమే, కానీ తిన్నని వరస లేకపోవడం లోపం కాదు. చొక్కా చూసే కళ్లతో టీషర్టును చూడకూడదు.

గొడుగులా విచ్చుకునే గౌనుకో స్కర్టుకో టైలర్‌ను వెతుకుతున్నవారికి ఒక జాగ్రత్త. దగ్గరి ఫొటోలో మడత వెడల్పు ఎంత సమంగా ఉన్నా, అడుగు అంతా నేలకు ఒకే ఎత్తులో ఉందని కాదు. అలాంటి దుస్తుల్లో కొన్ని భాగాల్లో పోగులు ఏటవాలుగా వేలాడతాయి, ఆ భాగాలు బరువుకు సాగి కిందికి దిగుతాయి. అందుకే తెలిసినవారు మడత వేయడానికి ముందు ఒక రోజంతా హ్యాంగర్‌కు వేలాడదీసి, దిగిన చోట కత్తిరించి, అప్పుడు మడుస్తారు. ఇది చూడాలంటే వేసుకుని నిలబడినప్పుడు నేల కూడా కనిపించేలా, కెమెరాను అడుగు అంచు ఎత్తులో పెట్టి తీసిన ఫొటో కావాలి. వేలాడదీస్తారా అని నేరుగా అడగడం ఇంకా సులువు.

ఫొటో చెప్పలేనివి ఇంకా ఉన్నాయి. దారం గట్టిదో కాదో దానిలో తెలియదు, కొలతలు సరిపోతాయో లేదో అసలే తెలియదు. ఆ చొక్కా ఆ టైలరే కుట్టారన్న నమ్మకమూ లేదు. అందుకే రెండవవారిని అనుకున్నాక కూడా బట్టంతా ఒకేసారి కోయవద్దన్నాను. ముందుగా నా బట్ట అంచు నుంచే రెండు చిన్న ముక్కలు తీసి, జానెడు మడత అతుకు వేసి, దాని అడుగు గుండ్రంగా కోసి 6 మిల్లీమీటర్ల మడత కుట్టి చూపించమని అడిగాను. పది నిమిషాల పని, దానికి వేరుగా ఇస్తానన్నాను. ఆ ముక్కను ఇంటికి తెచ్చి నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేయకుండా ఆరేసి చూశాను. వంపు చదునుగానే ఉంది, కానీ అతుకు పొడవునా సన్నని ముడత వచ్చింది, రెండు పొరల్లోనూ సమానంగా. దారం బిగువు. ముక్కను తీసుకెళ్లి చూపిస్తే ఆయన ఏమీ వాదించలేదు, పై దారం మరను కాస్త వదులు చేసి పక్కనే మరో వరస కుట్టారు. దాన్నీ ఉతికి చూశాక బట్ట ఇచ్చాను.